ముందుమాట అడిగే ముందు

మొదటి పుస్తకం అచ్చుకు సిద్ధం చేసుకుంటున్న కథకులకు, కవులకు,



ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టించడం, ఫైలు ప్రెస్సుకు పంపడం నా పని. మీ పుస్తకాల ముందు పేజీలు చివరి నిమిషంలో ఎలా తయారవుతాయో దగ్గర నుంచి చూస్తుంటాను. కథలన్నీ దిద్దడం అయిపోతుంది, అట్ట కుదురుతుంది, ఐఎస్‌బీఎన్ కూడా వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ముందుమాట ఇంకా రాలేదని. ఫలానా గారికి నెల కిందటే పంపానంటారు మీరు. ఏం పంపారని అడిగితే వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టానంటారు. దాంతోపాటు ఏం రాశారంటే, "నమస్తే సర్, నా పుస్తకానికి మీ అమూల్యమైన ముందుమాట కావాలి" అన్న ఒక్క వాక్యం చూపిస్తారు. కింద రెండు దణ్ణాలు.

ఆ వాక్యంలో ఎన్ని పేజీలో లేదు, ఎప్పటికి కావాలో లేదు, ఆయన్నే ఎందుకు అడుగుతున్నారో అసలే లేదు. అవతలి మనిషి మీకు జవాబివ్వాలంటే ముందు మీ ఫైలు తెరవాలి, అది కథలో కవితలో చూడాలి, పేజీలు లెక్కపెట్టుకోవాలి, గడువెంతో ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇంత పని ఉన్నప్పుడు ఎవరైనా "తర్వాత చూద్దాం" అనుకుంటారు. నెల గడిచిపోయేది అలాగే. చాలాసార్లు అది అహంకారం కాదు.

ఒక లెక్క చెప్తాను. డెమీ సైజులో 160 పేజీల కథల పుస్తకం అంటే దాదాపు 35 వేల మాటలు. శ్రద్ధగా చదవాలంటే ఐదారు గంటలు పడుతుంది. ముందుమాట రాసే మనిషి కొన్ని కథలు రెండోసారి కూడా చదవాలి. రాయడానికి ఒక రోజు, మర్నాడు దిద్దుకోవడానికి ఒక పూట. పెద్ద రచయితకు ఇలాంటి అభ్యర్థన మీదొక్కటే రాదు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరిలో జరుగుతుంటాయి కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో అందరి కట్టలూ ఒకే ఇంటికి చేరతాయి. మీరు అడుగుతున్నది ఆ మనిషి రెండు మూడు రోజుల్ని. అడిగే పద్ధతి ఆ రోజుల విలువకు తగ్గట్టు ఉండాలి.

అడిగే ముందు మీకు కావలసింది ముందుమాటా, వెనక అట్ట మీద నాలుగు మాటలా అన్నది తేల్చుకోండి. రెండింటినీ ఒకే గాటన కట్టి "ఏదైనా రాయండి సర్" అంటే కుదరదు. ముందుమాట చదివేది పుస్తకం కొన్నవాళ్ళు. కథల్లోకి వెళ్ళే ముందో, సగం మంది అన్నీ చదివేశాకో దాన్ని చూస్తారు. అట్ట మీది మాటలు చదివేది ఇంకా కొననివాళ్ళు. స్టాల్‌లో నిలబడి, పుస్తకం తిప్పి చూసి, పక్క పుస్తకం మీదకు చెయ్యి వెళ్ళేలోపు చదివేస్తారు. అక్కడ 40 నుంచి 60 మాటలు పట్టాలి, అంతకు మించితే అక్షరం చిన్నదైపోతుంది. ఈ పుస్తకంలో ఎవరున్నారు, ఎక్కడి మనుషులు, చదివితే ఏం దొరుకుతుంది అన్నది ఆ కాస్తలోనే తెలియాలి. ముందుమాటకు వాదన కావాలి, చోటు కావాలి. మీ కథల్ని ఇంకే కథల పక్కన పెట్టి చూడాలో చెప్పాలి. కొందరు గొప్పగా రాసే విమర్శకులకు 50 మాటల్లో చెప్పడం చేతకాదు. పేజీల కొద్దీ రాయలేని కొందరు కవులు రెండు వాక్యాల్లో పుస్తకాన్ని నిలబెడతారు. ఎవరిని ఏది అడగాలో వాళ్ళ రాతలు చదివినవాళ్ళకు తెలుస్తుంది.

అందుకే పేరును బట్టి కాక, పుస్తకాన్ని బట్టి మనిషిని వెతుక్కోండి. శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కి 'యోగ్యతాపత్రం' రాసింది కథలకూ నవలలకూ పేరుపడ్డ చలం. దాన్ని 1940లో రాస్తే పుస్తకం 1950లో గాని రాలేదు. పదేళ్ళు పక్కన ఉన్నా ఆ ముందుమాట పాతబడకపోవడానికి కారణం అది ఆ కవితల్ని చదివి, వాటి గురించి రాసింది కావడమే. మీ ప్రక్రియలోనే రాసేవాళ్ళు కావాలన్న నియమమేమీ లేదు. మీ పుస్తకం పట్టించుకున్న సంగతిని తన జీవితంలో ఎక్కడో పట్టించుకున్న మనిషి కావాలి. చేనేత మగ్గాల మీద కథలు రాసి, వాటికి సినిమా పాటలు రాసే ఆయన మాటలు తెస్తే అట్ట మీద పేరు మెరుస్తుంది. లోపల మాత్రం "ఈ యువ రచయిత కలం నుంచి మరిన్ని రచనలు రావాలని ఆశిస్తున్నాను" తప్ప ఏమీ ఉండదు. ఆ వాక్యం ఎవరి పుస్తకానికైనా అతుకుతుంది. పాఠకుడు దాన్ని ఇట్టే గుర్తుపడతాడు.

ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. మన పుస్తకాల్లో నాలుగేసి ముందుమాటలు ఉంటాయి. నలుగురూ వరసగా అవే కథల సారాంశం చెప్పుకొస్తారు. ఐదోది 'నా మాట'. అసలు మొదటి కథ ఇరవై ఐదో పేజీలో మొదలవుతుంది. నన్నడిగితే ఒక ముందుమాట చాలు, కావాలంటే అట్ట మీద ఇంకొకరివి నాలుగు వాక్యాలు. నలుగురిని అడిగారని తెలిస్తే నలుగురూ తేలిగ్గానే రాస్తారు. తన ఒక్కడి మీదే ఆధారపడ్డారని తెలిస్తే కూర్చుని రాస్తారు.

ఇప్పుడు పంపడం గురించి. మొత్తం పుస్తకాన్ని అడగకుండా పంపకండి. ముందు ఒక చిన్న ఉత్తరం, దాంతో రెండు కథలు పంపండి. అవతలివారు సరేనన్నాకే కట్ట పంపాలి. ఇలా రెండు అంచెలుగా చేస్తే కాదనడం తేలికవుతుంది. కాదనడం తేలికైన చోట ఔననడం కూడా త్వరగా వస్తుంది. ఇలా అడిగి పంపిన పాత ఉదాహరణ ఒకటుంది. 1912లో లండన్‌లో టాగోర్ తన 'గీతాంజలి' ఇంగ్లీషు అనువాదాల నోట్‌బుక్కును విలియం రోథెన్‌స్టీన్ అనే చిత్రకారుడికి ఇచ్చాడు. ఆయన ఆ కవితలు చదివి, కవి యేట్స్‌కు కబురు పెట్టాడు. యేట్స్ నుంచి జవాబు రాలేదు. రోథెన్‌స్టీన్ మళ్ళీ రాస్తే, అప్పుడు పంపమన్నాడు. టైపు చేయించిన ప్రతి వెళ్ళింది. దాన్ని రోజుల తరబడి వెంట తిప్పుకుని రైళ్ళలో, బస్సుల మీద, హోటళ్ళలో చదివానని యేట్స్ తన ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఆ ముందుమాటతో ఇండియా సొసైటీ ఆ ఏడాది నవంబరులో 750 కాపీలు వేసింది. నోబెల్ మరుసటి ఏడాది వచ్చింది. ముందుమాట వల్లే వచ్చిందని నేననను. ఇక్కడ గమనించాల్సినవి రెండు. జవాబు రాకపోతే రోథెన్‌స్టీన్ అలగలేదు, ఒకసారి గుర్తుచేశాడు. పంపింది చేత్తో పట్టుకుని ఎక్కడైనా చదువుకోగలిగిన శుభ్రమైన ప్రతి.

ఆ మొదటి ఉత్తరం ఎలా ఉండాలో ఊరికే చెప్తే తెలియదు. ఒక ఉదాహరణ అల్లి చూపిస్తాను. పార్వతీపురం వైపు ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. పద్నాలుగు కథలతో మొదటి సంపుటి, పేరు 'ఎండుచేపల సంత'. ఉత్తరాంధ్ర పల్లెల మీద చాలాకాలంగా రాస్తున్న ఒక పెద్ద కథకుణ్ణి అడగాలనుకున్నారు. ఆగస్టు మొదటి వారంలో ఆమె ఇలా రాస్తారు:

> గౌరవనీయులు … గారికి, నమస్కారాలు.
>
> నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. కథలు రాస్తాను. నా మొదటి సంపుటి 'ఎండుచేపల సంత' వచ్చే జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శన నాటికి తేవాలనుకుంటున్నాను. దానికి మీరు ముందుమాట రాయగలరేమోనని అడగడానికే ఈ ఉత్తరం.
>
> ఇందులో పద్నాలుగు కథలున్నాయి. తొమ్మిది, వారపు సంతకు సరుకు మోసుకొచ్చి అమ్ముకునే ఆడవాళ్ళవి. సంత బేరం మీద మీరు రాసిన కథలో కొనేవాళ్ళ వైపు నుంచి కాక, అమ్మే మనిషి వైపు నుంచి లెక్క కట్టారు. అది చదివాక నా కథలు మూడింటిని తిరగరాసుకున్నాను. ఆ లెక్క నాకు కుదిరిందో లేదో మీరు చెప్పగలరనిపించింది.
>
> పుస్తకం డెమీ సైజులో 160 పేజీలు. ముందుమాటకు నాలుగు పేజీలు, అంటే 800 మాటల దాకా ఉంచాం. అక్టోబరు 31లోపు అందితే సరిపోతుంది. 500 కాపీలు సొంత ఖర్చుతో వేసుకుంటున్నాను. ముందుమాట మీదొక్కటే ఉంటుంది.
>
> రెండు కథలు జతచేశాను. వీలుపడకపోతే ఆ ఒక్క మాట మెసేజ్ పెట్టినా చాలు, కారణం చెప్పనక్కర్లేదు. వీలవుతుందంటే మొత్తం ప్రింటు తీసి పంపుతాను. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చదవడమే సుఖమంటే ఫైలు పంపుతాను.

అంతే. ఒక పేజీ దాటలేదు. 'అమూల్యమైన' లేదు, 'మీ వంటి మహానుభావులు' లేదు, తన అవార్డుల జాబితా లేదు. ఆయన కథలో ఏం చూశారో మాత్రం ఒక వాక్యంలో కచ్చితంగా ఉంది. "మీ కథలంటే నాకు ప్రాణం" అని ఎవరైనా రాస్తారు. అమ్మే మనిషి వైపు నుంచి లెక్క కట్టారని రాయడానికి ఆ కథ చదివి ఉండాలి. తన రాతను ఇలా చదివిన మనిషి ఎలా రాసిందో చూద్దామని ఆయనకు అనిపిస్తుంది.

"కారణం చెప్పనక్కర్లేదు" అన్న మాట కూడా మర్యాద కోసం పెట్టింది కాదు. మన దగ్గర పెద్దవాళ్ళు ముఖం మీద కాదనలేక "చూద్దాం లెండి" అంటారు. మీరు దాన్ని ఔననుకుంటారు. మూడు నెలలు అక్కడే పోతాయి. తలుపు మీరే తెరిచి పెడితే ఆ 'చూద్దాం' రాదు.

మధ్యవర్తి గురించి ఒక మాట. ఇద్దరికీ తెలిసిన మనిషి ఫోన్ చేసి "మా అమ్మాయే, బాగా రాస్తుంది" అని చెప్తే తప్పులేదు, మీ ఉత్తరం చదవడానికి దారి దొరుకుతుంది. ఆ మనిషి చేత ఒత్తిడి చేయించడం మాత్రం వేరు. మొహమాటం కొద్దీ రాసిన ముందుమాటకు మొహమాటం వాసన వస్తుంది.

మీరు అడిగిన రచయిత సరేనన్నారనుకుందాం. ఇప్పుడు కట్ట. పెద్ద రచయితల్లో చాలామందికి అరవై దాటాయి, శుక్లాల ఆపరేషన్లు అయినవాళ్ళున్నారు. ఏ4 కాగితం మీద ఒకవైపే, 14 పాయింట్ అక్షరం, వరసల మధ్య ఎడం, కుడి మార్జిన్‌లో పెన్సిలు రాతకు చోటు, ప్రతి పేజీ మీద నంబరు. స్పైరల్ బైండింగ్ చేయిస్తే బల్ల మీద తెరిచిన చోట తెరిచినట్టు ఉంటుంది. పేజీలు కట్టిన డెమీ సైజు ప్రూఫుల్నే పంపేస్తారు కొందరు. చూడ్డానికి పుస్తకంలా బాగుంటుంది, చదవడానికి అక్షరం చిన్నది.

ఫైలు పంపేటప్పుడు ఇంకో చిక్కుంది. మన డీటీపీ చాలావరకు ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో నడుస్తోంది. ఆ ఫైలును ఉన్నదున్నట్టు పంపితే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెలుగు కనబడదు, పిచ్చి గుర్తులు కనబడతాయి. పీడీఎఫ్ చేసి పంపాలి. చేశాక మీ ఫోన్‌లోనూ ఇంకొకరి ఫోన్‌లోనూ తెరిచి చూసుకోండి. ఫైలు పేరు `final_new2.pdf` అని పంపకండి. ఆయన ఫోన్‌లో అలాంటి పేర్లు ఇప్పటికే చాలా ఉంటాయి. `Enduchepala_Santa_Kathalu.pdf` అని పెడితే మూడు వారాల తర్వాత కూడా వెతికి పట్టుకోగలరు.

కథలతో పాటు రెండు కాగితాలు చాలు. ఒకటి విషయసూచిక. ప్రతి కథ పక్కన అది మొదట ఏ పత్రికలో, ఏ నెలలో, ఏ ఏడు వచ్చిందో, రాకపోతే 'అముద్రితం' అని ఉండాలి. ముందుమాట రాసేవాళ్ళు మీ రాత ఎలా మారుతూ వచ్చిందో చూడాలంటే ఈ తారీఖులే ఆధారం. అవి లేకపోతే పదేళ్ళ కిందటి కథనూ నిరుటి కథనూ ఒకే రోజు రాసినట్టు మాట్లాడాల్సి వస్తుంది. అందులోనే మూడు కథల పక్కన చిన్న గుర్తు పెట్టి, సమయం తక్కువైతే ముందు వీటిని చూడండని రాయండి. మీ బలమైన మూడూ కాదు, మీ పుస్తకం ఎంత దూరం వెళ్తుందో చెప్పే మూడు. మన టీచరమ్మ అయితే ఒక సంత కథ, ఒక బడి కథ, తనకే సందేహంగా ఉన్న ఒక కథ గుర్తుపెడతారు. రెండో కాగితం మీద మీ గురించి ఐదు వరసలు. పుట్టిన ఊరు, చేసే పని, ఎప్పటి నుంచి రాస్తున్నారు. కథల్లో మాండలికం గట్టిగా ఉండి, చదివే మనిషి వేరే ప్రాంతం వారైతే ఒక అరపేజీ మాటల పట్టిక కూడా కలపండి.

పంపకూడనివి కూడా ఉన్నాయి. వేరేవాళ్ళు ఇప్పటికే రాసిన అభిప్రాయాలు పంపకండి. చదివినవాళ్ళు తెలియకుండానే ఆ దారిలో పోతారు. "మీ పని తేలిక చేద్దామని" మీరే రాసిన నమూనా ముందుమాట అసలే వద్దు. కొందరు పెద్దలు తామే అంటారు, "నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతాను" అని. అలాంటప్పుడు మర్యాదగా తప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మీ పుస్తకం గురించి మీరు రాసింది 'నా మాట'లో పెట్టుకోవచ్చు, దానికి ఇంకొకరి పేరు ఎందుకు?

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది, ముగియని ప్రతిని పంపడం. కట్ట వెళ్ళాక మీరు రెండు కథలు తీసేస్తారు, ఒకదానికి పేరు మారుస్తారు, ఇంకోదాని ముగింపు తిరగరాస్తారు. ముందుమాటలో ఆయన ఒక పేరా అంతా మెచ్చుకున్న కథ పుస్తకంలోనే ఉండదు. ఇలాంటివి అచ్చయి బయటికొచ్చినవి నేను చూశాను. పాఠకుడు విషయసూచిక మళ్ళీ తిరగేసుకుంటాడు. మార్పు తప్పనిసరైతే ఏ పేజీలో ఏం మారిందో ఒక మెసేజ్‌లో వెంటనే చెప్పేయండి.

గడువు ఎలా పెట్టాలన్నది ప్రెస్సు వైపు నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. డిసెంబరులో ప్రెస్సులకు క్యాలెండర్లు, డైరీలు, ప్రదర్శన పుస్తకాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నవంబరు మధ్యకల్లా మీ ఫైలు వెళ్తే మూడు వారాల్లో అచ్చు, బైండింగ్ అయి వస్తుంది. ముందుమాట టైపు, ప్రూఫు, రాసినవారి సరిచూపు కలిపి పది రోజులు. అలా అక్టోబరు 31 వచ్చింది. ఆగస్టులో అడిగితే ఆయనకు చదవడానికి, రాయడానికి రెండు నెలలకు పైనే ఉంటాయి. పేజీల పరిమితి కూడా మొదటే చెప్పడానికి కారణం ఉంది. పుస్తకం 16 పేజీల ఫారాల్లో అచ్చవుతుంది. 160 అంటే సరిగ్గా పది ఫారాలు. నాలుగు పేజీల చోటుకు తొమ్మిది పేజీల ముందుమాట వస్తే మొత్తం 165 అవుతుంది. అప్పుడు అర ఫారం కలిపి 168 చేసి చివర మూడు ఖాళీ పేజీలు వదలాలి, లేదా ఆయన రాసింది కోయాలి. రెండూ ఇష్టం లేని పనులే. ముందే 800 అంటే చాలామంది 900 దగ్గర ఆగుతారు. ముందు పేజీలకు వేరే అంకెలు వేయించండి. అప్పుడు ముందుమాట పెరిగినా తగ్గినా కథల పేజీ నంబర్లు, విషయసూచిక కదలవు.

కట్ట పంపాక మూడు వారాలు ఊరుకోండి. తర్వాత ఒక మెసేజ్ చాలు, "కట్ట అందిందనుకుంటున్నాను, చదవడానికి ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి" అని. గడువుకు పది రోజుల ముందు ఇంకొకటి. ఆ తర్వాత వద్దు. ఫేస్‌బుక్‌లో "ఫలానా గారి ముందుమాటతో త్వరలో" అని అట్ట బొమ్మ పెట్టడం కూడా ఒత్తిడే. ఆయన ఇంకా ఒక్క వాక్యం రాసి ఉండరు, అభినందనలు మాత్రం నూట యాభై వచ్చి ఉంటాయి. గడువు దాటినా రాకపోతే, "ప్రెస్సుకు ఇచ్చేస్తున్నామండీ, మీరు చదివి ఏమన్నా చెప్తే నాకు పదివేలు" అని నిజంగానే ఇచ్చేయండి. ముందుమాట లేని పుస్తకానికి ఏమీ లోటు రాదు. ఆ నాలుగు పేజీల్లో ఇంకో చిన్న కథ పడుతుంది.

ముందుమాట వచ్చిందనుకుందాం. కొందరు చేత్తో రాసి ఫోటో తీసి పంపుతారు, కొందరు యూనికోడ్‌లో టైపు చేస్తారు. యూనికోడ్ నుంచి అనుకు మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు చెదురుతాయి. ఎలా వచ్చినా సరే, పేజీ కట్టాక ప్రూఫును రాసినవారికి పంపి "ఇలాగే వేయవచ్చా" అని అడగాలి. ఇది మన దగ్గర నూటికి తొంభై పుస్తకాల్లో జరగదేమోనని నా అనుమానం. ఆయన పేరులో ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాల మధ్య చుక్క ఉందా, ఊరు, తేదీ ఎలా వేసుకుంటారు, ఇవన్నీ ఆ ప్రూఫులోనే తేలతాయి.

ఆయన మీ కథల్లో ఒక లోపం చెప్పారనుకోండి. "సంత కథల్లో మగవాళ్ళందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారు" అని రాశారు. దాన్ని తీసేయమని అడగకండి. మిగతా పొగడ్తను పాఠకుడు నమ్మేది ఆ వాక్యం వల్లే. వాస్తవంలో తప్పుంటే చెప్పొచ్చు. కథ పేరు తప్పు పడిందనో, ఊరు మారిందనో, చివరి మలుపు బయటపడిపోయిందనో చెప్తే ఏ పెద్దమనిషీ ఏమీ అనుకోరు. అభిప్రాయాన్ని మార్చమనే హక్కు మాత్రం మీకు లేదు. అచ్చువేయడమో, వేయలేనని నిజాయితీగా చెప్పడమో, అంతే.

ఆ ముందుమాటలోంచి అట్ట మీదకు నాలుగు మాటలు ఎత్తుకునేటప్పుడు అసలు జాగ్రత్త కావాలి. ఆయన రాసింది: "కొన్ని కథలు తొందరపడి ముగిసినా, సంత వాసన ఇంత దగ్గరగా తెలిసిన రచయితలు మనకు తక్కువ." అట్ట మీద వచ్చింది: "సంత వాసన ఇంత దగ్గరగా తెలిసిన రచయితలు మనకు తక్కువ." మాటలు ఆయనవే, అర్థం కొంచెం పక్కకు జరిగింది. బహుశా ఆయనకు అభ్యంతరం ఉండదు. ఆ 'బహుశా' తేల్చుకోవడానికి ఒక్క మెసేజ్ చాలు, కోసిన వాక్యాన్ని కోసినట్టే పంపి సరేనా అని అడగండి.

ఇక వాట్సాప్‌లో వచ్చిన మెచ్చుకోలు. ఎవరో పెద్దాయన మీ కథ చదివి రాత్రి పదకొండింటికి నాలుగు వరసలు పెట్టారు. మర్నాటికి అది అట్ట డిజైనర్ దగ్గరుంటుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. 1855లో అమెరికాలో వాల్ట్ విట్మన్ తన 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' ప్రతిని ఎమర్సన్‌కు పంపితే, ఆయన మనసారా మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాశాడు. అది సొంత ఉత్తరం. విట్మన్ దాన్ని అడగకుండా ఒక పత్రికలో వేయించాడు. మరుసటి ఏడాది రెండో కూర్పులో అందులోని ఒక వాక్యాన్ని ఎమర్సన్ పేరుతో సహా పుస్తకం వీపు మీద బంగారు అక్షరాల్లో కొట్టించాడు. అట్ట మీది మెచ్చుకోలు మాటల చరిత్రలో అదే మొదటిదని చాలామంది చెప్తుంటారు. విట్మన్‌కు చెల్లింది కదా అని మీరనవచ్చు. ఎమర్సన్ ఇంకో కూర్పు గురించి ఇంకో ఉత్తరం అంత మనసు విప్పి రాశాడా అని కూడా చూడండి. మీకు ఆ నాలుగు వరసలు అట్ట మీద కావాలనిపిస్తే అడగడానికి ఏం అడ్డం? చాలామంది ఒకటి రెండు మాటలు సవరించి సంతోషంగా ఒప్పుకుంటారు.

డబ్బు విషయం క్లుప్తంగా. ముందుమాటకు పారితోషికం ఇచ్చే ఆచారం మనకు పెద్దగా లేదు. కాని పోస్టు ఖర్చు, ప్రింటు ఖర్చు ఆయన మీద పడకూడదు. కట్ట తిరిగి కావాలంటే అందుకు కవరు, స్టాంపులు మీవే. డబ్బు తీసుకోలేదు, ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ ముందుమాట మీద కాపీరైటు ఆయనదే. 1957 నాటి మన చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతలో ఉండాలి. ఆ హక్కు ఆయన బతికున్నంత కాలం, ఆ తర్వాత అరవై ఏళ్ళు ఉంటుంది. రేపు ఈ-బుక్కో, ఆడియోనో, ఇంగ్లీషు అనువాదమో వస్తే ముందుమాటను అందులో పెట్టడానికి మళ్ళీ అడగాలి. ప్రూఫు పంపిన రోజే "తర్వాతి ముద్రణల్లోనూ ఈ-బుక్‌లోనూ వాడుకోవచ్చా" అని ఒక వరస రాసి, జవాబు దాచుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. ఆయన తన వ్యాస సంపుటిలో ఆ ముందుమాటను వేసుకోవాలనుకుంటే మిమ్మల్ని అడగనక్కర్లేదన్నది కూడా తెలిసి ఉండండి.

పుస్తకం వచ్చాక బైండర్ దగ్గర నుంచి వచ్చిన మొదటి కట్టలోంచే ఐదు కాపీలు తీసి ఆయనకు పంపండి. ఆవిష్కరణ సభ దాకా ఆపకండి. తను ముందుమాట రాసిన పుస్తకాన్ని వేరేవాళ్ళ చేతుల్లో ముందు చూడటం ఎవరికీ బాగుండదు. లోపల మీ చేత్తో రెండు వరసలు రాసి సంతకం పెట్టండి. ఆ పొట్లంలో సభకు ఆహ్వానపత్రం పెట్టొచ్చు. అధ్యక్షత వహించాలన్న అభ్యర్థన మాత్రం పెట్టకండి, అది ఇంకో రోజు అడగాల్సిన ఇంకో పని.

ఉంటాను.

మీ పుస్తకాల ప్రూఫులు చదివే ఒక ఎడిటర్,
విజయవాడ